ఫోటో అంచున పరాయి మనిషి: చెరపడం కంటే కత్తిరించడమే తేలిక

తిరునాళ్ళలో ఫోటో దిగితే మన వాళ్ళు మాత్రమే పడటం అరుదు. జనం కదిలిపోతూ ఉంటారు. ఫోన్ పట్టుకున్న కుర్రవాడు తన వాళ్ళ ముఖాలు చూస్తాడే కాని, అంచున ఎవరు వచ్చి నిలబడ్డారో చూడడు. ఇంటికి వెళ్ళి తీరిగ్గా చూసుకుంటే, కుడి పక్కన చెరకు రసం తాగుతూ ఎవరో ఒకాయన కనిపిస్తాడు. ఆయన మన చుట్టమూ కాదు, మన ఊరి వాడూ కాదు. ఆయన చేసిన తప్పు కూడా ఏమీ లేదు. మన ఫోటోలోకి ఆయన వచ్చినట్టే, ఆయన వాళ్ళ ఫోటోలో మనం కూడా ఎక్కడో ఒక మూల పడే ఉంటాం.

ఆ ఫోటో మామూలుదైతే ఎవరూ పట్టించుకోరు. కాని అదే ఫోటోను పెద్దది చేయించి గోడకు తగిలించవలసిన రోజు వస్తే, అంచున ఉన్న ఆ మనిషి ముల్లులా గుచ్చుకుంటాడు. అప్పుడు స్టూడియోకు వచ్చేవారు అడిగే మొదటి మాట ఒక్కటే: “ఈయన్ని చెరిపేస్తారా?” పాతిక ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న ఫోటోగ్రాఫర్లలో చాలామంది దీనికి చెప్పే జవాబు ఏమిటంటే, చెరపనక్కర లేదు, ఆ పక్క కోసేస్తే సరిపోతుందని. వాళ్ళ భాషలో దీన్ని క్రాపింగ్ అంటారు. క్రాపు అనగానే రైతుకు పంట గుర్తుకు రావచ్చు. ఇది ఆ క్రాపు కాదు, మంగలి దగ్గర చేయించుకునే క్రాపు లాంటిది. అక్కరలేని అంచు తీసేసి, కావలసింది ఉంచుకోవడం.

వినడానికి ఇది పని తప్పించుకునే మాటలా ఉంటుంది. “కొయ్యడం మాకు రాదా, చెరపడానికే కదా మీ దగ్గరకు వచ్చింది” అని విసుక్కునే వారు లేకపోలేదు. కాని అందులో ఉన్న కారణం తెలుసుకుంటే ఆ విసుగు ఉండదు.

వెనక ఏమున్నదో ఫోటోకు తెలియదు

మనిషిని చెరపడం అంటే పలక మీద అక్షరాన్ని చెరపడం లాంటిది కాదు. పలక మీద చెరిపితే కింద పలక ఉంటుంది. ఫోటోలో మనిషిని తీసేస్తే కింద ఏమీ ఉండదు. ఆయన వెనక గోడ ఉన్నదో, చెట్టు ఉన్నదో, ఇంకో మనిషి ఉన్నాడో ఆ క్షణంలో కెమెరాకు కనబడలేదు కనుక ఫోటోలోకి ఎక్కలేదు. చెరిపిన చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని దేనితోనో పూడ్చాలి.

కంప్యూటరు మీద పని చేసేవారు పక్కన ఉన్న భాగాన్ని కొంచెం కొంచెంగా నకలు తీసి ఆ ఖాళీలో అతికిస్తారు. చినిగిన చొక్కాకు అదే రంగు గుడ్డ మాటు వేసినట్టన్నమాట. వెనక ఉన్నది వట్టి ఆకాశమో, సున్నం కొట్టిన గోడో అయితే మాటు కనబడదు. వెనక జనం, తాళ్ళు, వెదురు గడలు, రంగు గుడ్డలు ఉంటే మాత్రం మాటు బయటపడుతుంది. తాడు ఒక చోట తెగి, జానెడు పైన మళ్ళీ మొదలవుతుంది. ఒకే మనిషి తల రెండు చోట్ల కనబడుతుంది. నేల మీద ఒకే రాయి మూడు సార్లు కనిపిస్తుంది. మాటు పడ్డ ఫోటోను గుర్తు పట్టే ఉపాయం కూడా ఇదే. ఒకే గుర్తు పక్కపక్కన మళ్ళీ మళ్ళీ వస్తున్నదా, గీతలు నిటారుగా సాగుతున్నాయా అని చూడాలి.

కత్తిరించడంలో ఈ చిక్కేమీ లేదు. మిగిలిన భాగంలో ఒక్క చుక్క కూడా కొత్తగా చేరదు. ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, హద్దు మాత్రం లోపలికి జరుగుతుంది. పొలం గట్టు లోపలికి జరిపితే పొలం తగ్గుతుందే కాని, మిగిలిన నేల మారదు కదా. పరాయి మనిషి అంచున నిలబడ్డాడు కాబట్టి ఆయనతో పాటు పోయేది అంచు మాత్రమే. ఫోటోలో మనకు అన్నిటి కంటే తక్కువ అవసరమైన చోటు అదే. ఈ పని తేలిక కావడానికి అసలు కారణం ఇదే.

ఇంకో చిన్న లాభం కూడా ఉన్నది. ఫోన్ కెమెరాలకు వెడల్పుగా చూసే కటకం ఉంటుంది. దాని వల్ల అంచుల్లో పడ్డ మనుషులు ఉన్నదాని కంటే కొంచెం లావుగా, పక్కకు సాగినట్టుగా కనిపిస్తారు. అంచు కోస్తే ఆ సాగుడులో కొంత పోతుంది.

రీలు రోజుల్లోనూ ఇదే పద్ధతి

ఇది ఫోన్లతో వచ్చిన పద్ధతేమీ కాదు. నలుపు తెలుపు ఫోటోల కాలంలో చాలా స్టూడియోల్లో పై నుంచి తొంగి చూసి తీసే రెండు కటకాల పెట్టె కెమెరాలు ఉండేవి. వాటిలో నెగెటివ్ చదరంగా, 6 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పుతో వచ్చేది. ఫోటో కాగితమేమో నిలువుగానో అడ్డంగానో ఉండేది. కాబట్టి ప్రతి ఫోటోకూ ఏదో ఒక పక్క కొంత వదిలెయ్యక తప్పేది కాదు. అంచున ఎవరైనా ఉంటే వదిలేది ఆ పక్కనే.

చీకటి గదిలో ఎన్లార్జరు తల పైకి జరిపితే నెగెటివ్ బొమ్మ బల్ల మీద పెద్దదిగా పడుతుంది. కాగితం పట్టే చట్రాన్ని కొంచెం పక్కకు జరిపితే పరాయి మనిషి కాగితం బయట, వట్టి బల్ల మీద పడతాడు. కాగితం మీదకు రాడు. కత్తెర పని లేదు, నెగెటివ్‌కు గాటు లేదు. అదే మనిషిని చెరపాలంటే సన్నటి కుంచెతో రంగు అద్దుతూ గంటల తరబడి కూర్చోవలసి వచ్చేది. ఆ పని వచ్చినవారు కూడా తప్పనిసరైతే తప్ప ముట్టుకునేవారు కారు.

కోటప్పకొండ ఫోటో

ఇటీవల ఒక స్టూడియోలో ఈ పని మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చూడటం జరిగింది. వచ్చినవాడు నలభై ఏళ్ళ రైతు, వెంట తల్లి. తండ్రి పోయి వారం కాలేదు. పెద్దకర్మ నాటికి గోడ ఫోటో కావాలి. పెద్దాయనకు ఫోటోలంటే బిడియం. ఆధార్ కార్డు మీద ఉన్న ఫోటో చూస్తే సొంత మనవరాలే గుర్తు పట్టదు. ఉన్నవాటిలో మంచిది ఒక్కటే, శివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ ముందు ఇంటిల్లిపాదీ నిలబడి ఫోన్‌లో తీయించుకున్నది.

“నాయన ముఖం ఒక్కటే కోసి పెద్దది చెయ్యి బాబాయ్” అన్నాడు కొడుకు. తల్లి ఒప్పుకోలేదు. “మేమిద్దరం పక్కపక్కన నిలబడింది అదొక్కటే బాబూ. పిల్లల్ని కూడా ఉండనియ్యి” అన్నది.

ఫోటోలో ఆరుగురు ఉన్నారు: పెద్దాయన, పెద్దమ్మ, కోడలు, ఇద్దరు మనవలు, కుడి చివర మనవరాలు. మనవరాలికి అవతల, సరిగ్గా అంచున, గళ్ళ చొక్కా వేసుకుని గ్లాసు ఎత్తి చెరకు రసం తాగుతున్న పరాయి ఆయన. ఆయన వెనక వేరే ఊరి ప్రభ అడుగు భాగం, దాన్ని లాగి కట్టిన తాళ్ళు, వెదురు గడలు, రంగు గుడ్డలు, చుట్టూ జనం.

“చూడు అబ్బాయ్, ఈయన్ని చెరిపితే ఈ తాళ్ళన్నీ నేను కల్పించాలి. ఎన్ని తాళ్ళున్నాయో నాకేం తెలుసు? అంతకంటే, ఈ పాప మోచెయ్యి పక్కనే ఉన్నది. మాటు వేసేటప్పుడు చెయ్యి వంకర పోతే రేపు గోడ మీద రోజూ అదే కనబడుతుంది” అన్నారు ఫోటోగ్రాఫర్.

ఆ తర్వాత ఆయన చేసిన పని లెక్కతో సహా చెబితేనే పాఠకులకు ఉపయోగం.

ఫోన్ ఫోటో అంటే వేలాది సన్నటి చుక్కల వరసలు. వీటినే పిక్సెళ్ళు అంటారు. ఈ ఫోటో అడ్డం 4000 చుక్కలు, నిలువు 3000 చుక్కలు. పరాయి ఆయన మోచెయ్యి కుడి అంచు నుంచి 520 చుక్కల దాకా లోపలికి వచ్చింది. మనవరాలి భుజం 760 చుక్కల దగ్గర మొదలవుతుంది. అంటే ఇద్దరి మధ్య 240 చుక్కల సందు ఉన్నది. కోత ఆ సందులోనే పడాలి. ఆయన 600 దగ్గర గీత పెట్టారు. పరాయి మోచెయ్యి పూర్తిగా బయటకు పోయింది, పాప భుజం పక్కన 160 చుక్కల ఖాళీ మిగిలింది.

“ఇంకా దగ్గరగా కొయ్యొచ్చు కదా?” అని కొడుకు అడిగాడు. భుజానికి ఆనించి కోస్తే పాపను ఎవరో పక్క నుంచి గోడకు నొక్కినట్టు ఉంటుందట. మనిషి పక్కన కాస్త గాలి ఆడాలని ఆయన మాట.

ఇక్కడితో పని అయిపోలేదు. కుడి పక్క మాత్రమే కోస్తే ఎడమ పక్క 620 చుక్కల ఖాళీ, కుడి పక్క 160 ఖాళీ అయింది. మనుషులంతా ఒక పక్కకు ఒరిగినట్టున్నారు. చూసేవాడికి ఏదో కోశారని ఇట్టే తెలిసిపోతుంది. అందుకని ఎడమ పక్క కూడా 400 చుక్కలు తీశారు. అక్కడ పోయింది ఒక బొమ్మల కొట్టు మూల, సగం ట్రాక్టరు. ఇప్పుడు ఎడమన 220, కుడిన 160 ఖాళీ. కంటికి సమంగా ఉన్నది. అడ్డం మిగిలింది 3000 చుక్కలు.

ఇక నిలువు కోత. వాళ్ళు అడిగింది 12 అంగుళాలు, 15 అంగుళాల ఫోటో. 15 అంగుళాల అడ్డానికి 3000 చుక్కలైతే, 12 అంగుళాల నిలువుకు 2400 కావాలి. ఉన్నవి 3000. కాబట్టి 600 పోవాలి. పైన ఆకాశంలో 450, కింద నేలలో 150 తీశారు. కింద అంతకంటే తీస్తే కాళ్ళకు ముప్పు. ఆ కోతతో ఇంకో పని కూడా కలిసి వచ్చింది. పరాయి ఆయన నీడ నేల మీద పాప చెప్పుల వైపు పాకి ఉన్నది. మనిషి పోయినా నీడ మిగిలితే, ఇదెవరి నీడ అని చూసేవాళ్ళు వెతుకుతారు. కింద అంచు తెగడంతో ఆ నీడలో చాలా భాగం పోయింది. మూలన మిగిలిన మసక మచ్చను ఆయన ముట్టుకోలేదు.

పైన కోసినప్పుడు ప్రభ కొంత పోయిందని కొడుకు కాసేపు నొచ్చుకున్నాడు. ప్రభ కొస అసలు ఫోటోలో కూడా పడలేదు. అన్ని అడుగుల ప్రభ, ఆరుగురు మనుషులు ఒకే ఫోటోలో పట్టాలంటే మనుషులు చీమలంత అవుతారు. తల్లి మాత్రం ప్రభ వైపు చూడనే లేదు.

ఎన్ని చుక్కలు మిగిలితే ఎంత ఫోటో

కత్తిరింపులో నష్టం లేదని కాదు. కోసిన కొద్దీ చుక్కలు తగ్గుతాయి. మిగిలిన చుక్కలనే కాగితం నిండా పరచాలి. పది కుంచాల విత్తనం ఎకరంలో చల్లినా రెండెకరాల్లో చల్లినా అవే గింజలు, పలచన అవుతాయంతే.

చేత్తో పట్టుకుని దగ్గరగా చూసే ఫోటోకు అంగుళానికి 300 చుక్కలుంటే చక్కగా ఉంటుందని ప్రింటింగు వాళ్ళ లెక్క. గోడ మీద పెట్టి నాలుగడుగుల దూరం నుంచి చూసేదానికి 200 ఉన్నా లోటు తెలియదు. ఈ ఫోటోలో 3000 చుక్కలను 15 అంగుళాలతో భాగిస్తే సరిగ్గా 200 వచ్చింది. కాబట్టి పని నెగ్గింది.

అయితే ఆ రోజు ఈ లెక్క కొద్దిలో తప్పిపోయేది. కొడుకు మొదట తెచ్చింది అసలు ఫోటో కాదు. తిరునాళ్ళలో ఫోటో తీసింది బావమరిది ఫోన్‌తో. వాట్సాప్‌లో వచ్చిన నకలు మాత్రమే ఇతని దగ్గర ఉన్నది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో సాధారణంగా పొడుగు వైపు సుమారు 1600 చుక్కలకు కుదించుకుపోతుంది. దాన్ని ఇదే విధంగా కోస్తే అడ్డం 1200 మిగులుతాయి. 15 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 80. ఫోన్ తెర మీద ఎంతో బాగున్న ముఖం కాగితం మీద ఉడికిన పప్పులా మెత్తబడిపోతుంది.

“మీ బావమరిదికి ఫోన్ చెయ్యి అబ్బాయ్. అసలు ఫోటోను డాక్యుమెంటుగా పంపమను” అన్నారు ఫోటోగ్రాఫర్. వాట్సాప్‌లో ఫోటోను ఫోటోగా కాక `Document` అనే చోట నుంచి పంపితే కుదించకుండా, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అరగంటలో వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోటో ఎవరి ఫోన్‌తో తీశారో ఆ ఫోన్ పాడుకాక ముందే అసలుది తెచ్చి పెట్టుకోవడం అన్ని ఇళ్ళలోనూ చేయదగ్గ పని. ఫోన్ మార్చినప్పుడు పోయే వాటిలో మొదటివి ఇవే.

ఇంట్లోనే చేసుకునేవారికి

చిన్న ఫోటో అయితే స్టూడియో దాకా పోనక్కర లేదు. ఫోన్‌లో ఫోటో తెరిచి `Edit` నొక్కితే, కొన్ని ఫోన్లలో పెన్సిల్ గుర్తు నొక్కితే, `Crop` అనే చోటు వస్తుంది. ఫోటో చుట్టూ తెల్ల గీతల చట్రం కనిపిస్తుంది. పరాయి మనిషి ఉన్న పక్క గీతను వేలితో పట్టుకుని లోపలికి నెడితే సరిపోతుంది. చివర `Save copy` కనిపిస్తే అదే నొక్కాలి. అప్పుడు అసలు ఫోటో అలాగే ఉండి, కోసినది వేరుగా వస్తుంది. వట్టి `Save` మాత్రమే ఉన్న ఫోన్లలో కొన్నిటిలో అసలుది మారిపోతుంది. అందుకని ముందే ఒక నకలు తీసుకుని దాని మీద కోత పెట్టడం మేలు.

కోత ఎక్కడ పడాలో తెర మీద తేల్చుకోలేని వారికి పాత ఫోటోగ్రాఫర్ల చిట్కా ఒకటి ఉన్నది. పాత పెళ్ళి శుభలేఖ అట్ట తీసుకుని మూలమట్టం ఆకారంలో రెండు ముక్కలు కోయాలి. ఒకటి పై మూలన, రెండోది ఎదురు మూలన ఫోటో మీద పెట్టి దగ్గరకు జరుపుతూ, దూరం జరుపుతూ చూడాలి. చట్రంలో ఫోటో ఎలా ఉంటుందో కోయకుండానే తెలుస్తుంది. పరాయి మనిషి పోయాక మన వాళ్ళు ఇరుకుగా ఉన్నారా, ఒక పక్కకు ఒరిగారా అనేది అప్పుడే బయటపడుతుంది.

మన మనిషి ఒంటి మీదుగా కోత పోవలసి వస్తే కీళ్ళ దగ్గర కోయకూడదు. మణికట్టు దగ్గరో, మోకాలి దగ్గరో, చీలమండ దగ్గరో కోస్తే అవయవం తెగినట్టే కనిపిస్తుంది. తొడ మధ్యనో, నడుముకు కొంచెం పైనో కోస్తే కంటికి తప్పు తోచదు.

చేయి వేసి నిలబడితే

పరాయి మనిషికీ మన మనిషికీ మధ్య సందు ఉన్నంత వరకే ఈ పద్ధతి. ఆయన చెయ్యి మన వాడి భుజం మీద ఉంటే, మనిషి పోయినా చెయ్యి మిగులుతుంది. భుజం మీద ఎవరిదో చెయ్యి, చెయ్యి వెనక మనిషి లేడు. అది ఉన్నదాని కంటే అధ్వాన్నం. ఆయన మన వాళ్ళ మధ్యలోనో వెనకనో తల పెట్టి ఉన్నా కత్తిరింపు పనికి రాదు. అప్పుడు చెరిపి మాటు వేయించుకోవడమో, ఉండనివ్వడమో తప్ప మార్గం లేదు.

ఇంకో మాట. కోతకూ చెరపడానికీ ఉన్న తేడాను వార్తా పత్రికల వారు ఎంత గట్టిగా పట్టుకుంటారో చెప్పడానికి ఒక సంగతి ఉన్నది. సిరియా యుద్ధంలో 2013 సెప్టెంబరులో నార్సిసో కాంట్రెరాస్ అనే ఫోటోగ్రాఫర్ ఒక తిరుగుబాటు యోధుడి ఫోటో తీశాడు. కింద ఎడమ మూలన తోటి విలేకరి వీడియో కెమెరా ఒకటి పడింది. దాన్ని ఆయన కంప్యూటరులో చెరిపి, పక్కనున్న నేల నకలు తీసి పూడ్చి పంపాడు. ఈ సంగతి తెలిశాక 2014 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఆయనతో సంబంధం తెంచుకుంది. ఆయన తీసిన మిగతా ఫోటోలను పరిశీలిస్తే వాటిలో ఏ మార్పూ కనబడలేదు. అయినా దాదాపు 500 ఫోటోలను తమ భాండారం నుంచి తొలగించింది. అంతకు ముందు సంవత్సరమే పులిట్జర్ బహుమతి అందుకున్న జట్టులో ఆయన ఒకడు. మూలనున్న కెమెరాను అంచు కోసి తీసేసి ఉంటే ఇంత గొడవ వచ్చేది కాదు. వార్తా సంస్థలు మామూలుగా అంచు కోయడానికి ఒప్పుకుంటాయి, ఉన్నదాన్ని చెరిపి లేనిదాన్ని పెట్టడానికి ఒప్పుకోవు. అయితే కోత వల్ల వార్త అర్థమే మారిపోతే అది కూడా తప్పే. ఊళ్ళో గట్టు తగాదా ఫోటోలు, ప్రమాదం జరిగిన చోటి ఫోటోలు ఈ కోవలోకే వస్తాయి. వాటిలో అంచున ఉన్నవాడు పరాయివాడో, సాక్షో ఇంటి వద్ద తేల్చే సంగతి కాదు. అలాంటి ఫోటోకు కత్తెర పెట్టకూడదు.

కాగితం ఫోటోకు కత్తెర వద్దు

ట్రంకు పెట్టెల్లో ఉన్న పాత కాగితం ఫోటోల సంగతి వేరు. వాటికి నెగెటివ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఉన్నది ఆ ఒక్క కాగితమే. దాన్ని కత్తెరతో కోస్తే పోయిన ముక్క మళ్ళీ రాదు. ముక్కతో పాటు ఫోటో వెనక రాసుకున్న తేదీ, స్టూడియో ముద్ర కూడా పోవచ్చు. దాన్ని స్టూడియోలో స్కాన్ చేయించి, లేదా వెలుతురులో బల్ల మీద పరిచి నీడ పడకుండా ఫోన్‌తో నిటారుగా పై నుంచి ఫోటో తీసి, ఆ నకలును కోసుకోవాలి. కాగితాన్ని మాత్రం ఉన్నట్టే పెట్టెలో పెట్టాలి.

ఇలా చెప్పడానికి కారణం ఉన్నది. ఒక ఇంట్లో తాతగారి పాత ఫోటో చూశాను. కుడి పక్క కత్తెరతో కోసి ఉన్నది, గీత కూడా వంకరగా ఉన్నది. ఎందుకు కోశారని అడిగితే, అంచున పంచె కట్టుకున్న ఎవరో మనిషి ఉండేవాడనీ, చుట్టాలెవరూ గుర్తు పట్టలేదనీ, ఫ్రేములో బాగుండదని కోసేశామనీ అన్నారు. ఆ తర్వాత రెండేళ్ళకు పక్క ఊరి నుంచి ఒక ముసలమ్మ పెళ్ళికి వచ్చి, గోడ మీద ఫోటో చూసి, “మా ఆయన ఏడీ? ఇక్కడ మీ తాత పక్కన ఉండాలే” అని అడిగిందట. తాతగారి దగ్గర పదకొండేళ్ళు పాలేరుగా ఉన్న మనిషి ఆయన. ఆయనకు ఇంకెక్కడా ఫోటో లేదు. అంచున నిలబడ్డ వాళ్ళంతా పరాయివాళ్ళు కారు. ఆ రోజుల్లో పనివాళ్ళు, పేద చుట్టాలు, అల్లుడి వైపు వారు అంచునే నిలబడేవారు. కాబట్టి కోయబోయే ముందు ఇంట్లో ముసలివాళ్ళకు ఒకసారి చూపించడం అవసరం.

కోటప్పకొండ ఫోటోకు కూడా ఫోటోగ్రాఫర్ ఆ మాట అడిగారు. “పిన్నమ్మా, ఈ గళ్ళ చొక్కా ఆయన మీ వాళ్ళెవరూ కాదుగా?” అని. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, “కాదు బాబూ. చెరకు రసం బండి దగ్గర ముందుగా మీ బాబాయినే తాగమన్నాడు, అంతే” అన్నది. అసలు ఫోటో కొడుకు ఫోన్‌లో అలాగే ఉన్నది.

చివరగా ఫ్రేము సంగతి. ఫోటో చక్కగా కోయించుకుని ఫ్రేము కట్టించేటప్పుడు పాడు చేసుకునేవారు ఎక్కువ. ఫ్రేము చెక్కకు లోపల ఒక గాడి ఉంటుంది. ఫోటో అంచులు ఆ గాడిలో కూర్చోవాలి కాబట్టి నాలుగు పక్కలా పావు అంగుళం దాకా చెక్క కిందకు పోతుంది. ఈ ఫోటోలో అంగుళానికి 200 చుక్కలు కనుక పావు అంగుళం అంటే 50 చుక్కలు. పాప భుజం పక్కన వదిలిన 160లో ఇంకా 110 మిగిలాయి, అంటే అర అంగుళానికి పైన. భుజానికి ఆనించి కోసి ఉంటే చెక్క పాప భుజం మీదకే వచ్చేది. ప్రింటు చేయించే ముందే ఫ్రేము వాడి దగ్గర గాడి ఎంత లోతో కనుక్కుని, ఆ కొలత స్టూడియోలో చెప్పాలి.